ఉత్పత్తి విభాగం నుంచి సప్లై చైన్ ప్లానింగ్‌కు: మెకానికల్ ఇంజినీరు కవర్ లెటర్ ఎలా రాయాలి

ఫ్యాక్టరీలో కొన్నేళ్లు ఉత్పత్తి చూసిన మెకానికల్ ఇంజినీర్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ప్లానింగ్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను, కవర్ లెటర్‌లో ఏమి రాయాలి?" వాళ్లు చూపించే చిత్తుప్రతులు కూడా దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. లైను సామర్థ్యం ఇంత పెంచాను, స్క్రాప్ ఇంత తగ్గించాను, ఇంతమందితో పని చేయించాను, ఇప్పుడు సప్లై చైన్ మీద ఆసక్తి కలిగింది. అన్నీ నిజాలే. అయినా ప్లానింగ్ మేనేజరు అది చదివి, "మంచి ప్రొడక్షన్ ఇంజినీరు, అక్కడే ఉండనీ" అనుకుని పక్కన పెడతారు.

నేనూ ఆ దారినే వచ్చాను. నా మొదటి ఉత్తరంలో మొదటి వాక్యమే ఓఈఈ 68 శాతం నుంచి 79కి పెంచానన్నది. జవాబు రాలేదు. తర్వాత ప్లానింగ్ కుర్చీలో కూర్చున్నాకే కారణం తెలిసింది. ఓఈఈ ఎక్కువగా ఉందంటే యంత్రం బాగా నడుస్తోందని అర్థం, అంతే. ఎవరికీ అక్కరలేని సరుకు చేస్తూ కూడా యంత్రం బ్రహ్మాండంగా నడవగలదు. ఆ సరుకు గోదాములో పేరుకుపోతే సమాధానం చెప్పుకోవలసింది ప్లానరు.

కాబట్టి ఉత్తరంలో చేయవలసిన అసలు పని ఒక్కటే: మీరు షాప్ ఫ్లోర్‌లో చేసిన ఒక పనిని స్టాకు, సమయం, డెలివరీ వైపు నుంచి చెప్పడం. ఉత్తరం ఏ భాషలో పంపినా ఈ పద్ధతి మారదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఉద్యోగ ప్రకటన పూర్తి పాఠం.
- మీరు చేసిన పనుల్లో మూడు. ఒక్కోదానికి ముందు ఎంత, తర్వాత ఎంత అనే అంకెలు, అవి ఎక్కడినుంచి వచ్చాయో గుర్తు. షిఫ్టు రిజిస్టరు, డౌన్‌టైమ్ నమోదులు, మీ సొంత నోట్‌బుక్ ఏదైనా పనికొస్తుంది.
- మీ ఫ్యాక్టరీలోని సాఫ్ట్‌వేర్‌లో మీరు స్వయంగా ఏ తెరలు వాడారో ఒక చిన్న జాబితా.
- ఒక గంట తీరిక సమయం, ఒక కాగితం. లెక్క కాగితం మీదే చేయండి, ఆ కాగితం పారేయకండి.

1. ప్రకటనలో ఉన్నది ఏ ప్లానింగో తేల్చుకోండి

సప్లై చైన్ ప్లానింగ్ అని పైన రాసినా కింద ఉన్న పని వేర్వేరుగా ఉంటుంది. షెడ్యూలు, సామర్థ్యం, వరుస క్రమం అనే మాటలు కనిపిస్తే అది ప్రొడక్షన్ ప్లానింగ్. కొరతలు, సరఫరాదారులు, కనీస ఆర్డరు పరిమాణం వంటి మాటలుంటే మెటీరియల్ ప్లానింగ్. అంచనాల కచ్చితత్వం, అమ్మకాల విభాగంతో నెలవారీ సమావేశాలు అంటే డిమాండ్ ప్లానింగ్.

ఉత్పత్తి నుంచి వచ్చేవారికి మొదటిది ఒక అడుగు దూరం, రెండోది రెండడుగులు. మూడోదానికి మీ అనుభవం తక్కువగా ఉపయోగపడుతుంది. అమ్మకాల అంచనా వేయడంలో యంత్రం గురించి తెలియడం పెద్ద సాయం కాదు. దరఖాస్తు పెట్టవద్దని కాదు గానీ, అప్పుడు ఉత్తరంలో ఎక్సెల్‌తో చేసిన విశ్లేషణకు ఎక్కువ చోటివ్వాలి. ఇక్కడినుంచి ప్రొడక్షన్ ప్లానరు ఉద్యోగాన్నే దృష్టిలో పెట్టుకుని చెబుతాను.

2. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి

మూడు పనుల్లో ఒకటి మిగలాలి. ఎంచుకోవడానికి ఒక్కోదాన్నీ ఇలా ప్రశ్నించండి. ఈ పని వల్ల ఏది ఎప్పుడు చేయాలో, ఎంత చేయాలో అనే నిర్ణయం మారిందా? మీ షాపు దాటి బయట ఎవరికైనా, అంటే తర్వాతి విభాగానికో గోదాముకో, తేడా తెలిసిందా? మొదటి ప్రశ్నకు లేదు అంటే ఆ పని రెజ్యూమెలో ఉండనివ్వండి, ఉత్తరంలోకి తేవద్దు.

కొత్త ఫిక్స్చరు తయారుచేసి లోపాలు తగ్గించడం మంచి ఇంజినీరింగే, కానీ దానివల్ల షెడ్యూలు మారకపోతే ఇక్కడ పనికిరాదు. డై మార్పు సమయం తగ్గించడం, మరమ్మతుల కోసం యంత్రం ఆపే రోజును ఆర్డర్లను బట్టి జరపడం, సిస్టమ్‌లో తప్పుగా ఉన్న సైకిల్ టైమును సరిచేయించడం పనికొస్తాయి.

చివరిదాన్ని చాలామంది చిన్న పని అనుకుని వదిలేస్తారు. నిజానికి ప్లానరుకు అంతకంటే ఇష్టమైన వార్త ఉండదు. సిస్టమ్‌లో ఒక ముక్కకు 48 సెకన్లని ఉంది, నిజానికి 60 పడుతోంది అనుకోండి. ఏడున్నర గంటల నికర షిఫ్టులో ప్లాను 562 ముక్కలు అడుగుతుంది, లైను 450 ఇస్తుంది. ప్రతి షిఫ్టుకూ 112 తక్కువ. ఉత్పత్తి వాళ్లు సరిగా పని చేయడం లేదని ప్లానింగ్, ప్లాను అబద్ధమని ఉత్పత్తి, ఏళ్ల తరబడి వాదించుకుంటారు. గడియారం పట్టుకుని నిలబడి ఆ అంకెను సరిచేయించినది మీరైతే, మీ ఉత్తరం సగం రాసేసినట్టే.

3. ఆ పనిని ప్లానింగ్ భాషలోకి మార్చండి

ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే, అందుకే ఒక ఉదాహరణను చివరిదాకా తీసుకెళ్తాను.

ఒక ప్రెస్సు మీద నాలుగు రకాల భాగాలు చేస్తారు. ఒక్కో భాగం వారానికి 1,200 కావాలి, అసెంబ్లీ విభాగం వాటిని వారమంతా సమానంగా వాడుకుంటుంది. ఒక్కో భాగాన్ని వారానికి ఒకసారి, 1,200 బ్యాచ్‌గా చేస్తారు. డై మార్చడానికి 90 నిమిషాలు పట్టేది, మీరు దాన్ని 40కి తెచ్చారు.

ప్రొడక్షన్ ఇంజినీరు దీన్ని "డై మార్పు సమయం 56 శాతం తగ్గించాను" అని రాస్తారు. ప్లానరు వెంటనే అడిగే ప్రశ్న: మిగిలిన సమయంతో ఏమి చేశారు?

లెక్క చూడండి. వారానికి నాలుగు మార్పులు, ఒక్కోటి 90 నిమిషాలు, మొత్తం 360. ఇప్పుడు అవే నాలుగు మార్పులకు 160 చాలు, వారానికి 200 నిమిషాలు మిగులుతాయి. ఆ 200 నిమిషాలూ ఉత్పత్తికే వాడితే ముక్కలు ఎక్కువ వస్తాయి, కానీ అసెంబ్లీకి అవి అక్కరలేదు. అలా కాకుండా మార్పులను ఎనిమిదికి పెంచితే 320 నిమిషాలు పడుతుంది, పాత 360 కంటే ఇంకా తక్కువే. అప్పుడు ఒక్కో భాగాన్ని వారానికి రెండుసార్లు 600 చొప్పున చేయవచ్చు.

దాంతో ఏమి మారింది? సమానంగా వాడుకునే సరుకులో బ్యాచ్ వల్ల ఏర్పడే సగటు స్టాకు బ్యాచ్‌లో సగం ఉంటుంది. ఒక్కో భాగానికి 600 నుంచి 300కి, నాలుగింటికీ కలిపి 2,400 నుంచి 1,200కి తగ్గింది. అంతకంటే ముఖ్యంగా, ఏ భాగానికైనా కొరత వస్తే తర్వాతి వంతు కోసం ఆరు పనిరోజులు కాదు, మూడు రోజులు ఆగితే చాలు.

ఇదే ప్లానింగ్ భాష. పని అదే, కానీ కథ 90 నిమిషాల దగ్గర మొదలై 40 దగ్గర ఆగిపోకుండా గోదాముదాకా వెళ్లింది.

ఈ మార్పిడిలో మూడు చోట్ల జారిపడతారు.

మొదటిది, మొత్తం స్టాకు సగమైందని రాయడం. సగమైంది బ్యాచ్ వల్ల ఉండే స్టాకు మాత్రమే. డిమాండు ఎగుడుదిగుళ్ల కోసం పక్కన పెట్టిన సేఫ్టీ స్టాకుకు వేరే లెక్క ఉంది, అది దీనితోపాటు సగం కాదు. ఈ తేడా తెలియనట్టు రాస్తే ప్లానింగ్ మేనేజరు ఉత్తరం అక్కడితో మూసేస్తారు. తెలిసినట్టు ఒక్క మాట చేర్చితే ఆగి చదువుతారు.

రెండోది, నష్టం దాచడం. డై మార్చిన ప్రతిసారీ మొదటి కొన్ని ముక్కలు పోతాయి. మార్పుకు 15 పోతాయనుకుంటే, నాలుగు మార్పులకు 60 పోయేవి ఎనిమిదికి 120 పోతాయి. 4,800 ముక్కల మీద 1.25 శాతం కాస్తా 2.5 అవుతుంది. చదివేవారికి ఈ సందేహం నిమిషంలో వస్తుంది. మీరే ముందు చెప్పి, దాన్ని ఎలా తట్టుకున్నారో రాయండి. లాభనష్టాలను ఒకే వాక్యంలో తూచి చెప్పగలగడమే ఆ ఉద్యోగానికి కావలసిన గుణం.

మూడోది, జరగనిదాన్ని జరిగినట్టు రాయడం. మీరు డై మార్పు సమయం తగ్గించారు, కానీ బ్యాచ్‌లు మాత్రం 1,200 దగ్గరే ఉండిపోయాయి. చాలా చోట్ల జరిగేది ఇదే. అప్పుడు స్టాకు తగ్గిందని రాయకూడదు. "ఈ తగ్గింపుతో బ్యాచ్‌ను 600కి తేవడానికి చోటు దొరికింది, ఆ లెక్క వేసి ప్లానింగ్ ముందు పెట్టాను" అని రాయండి. ప్రతిపాదన అమలు కాకపోయినా ఆ ఆలోచన మీకు వచ్చిందన్నది నిలుస్తుంది. బ్యాచ్ తగ్గించే నిర్ణయం ప్లానరుదైతే ఆ మాటా రాయండి.

ఒక హెచ్చరిక: ఉత్పత్తి సంఖ్యలు, కస్టమర్ల పేర్లు కంపెనీ రహస్యాలు కావచ్చు. అనుమానముంటే ముక్కల లెక్క వదిలి నిష్పత్తులు ఇవ్వండి. "వారానికి ఒకసారి చేసేది రెండుసార్లు చేశాం, బ్యాచ్ స్టాకు సగమైంది" అంటే చాలు. పాత కంపెనీ రహస్యాలు బయటపెట్టే మనిషి రేపు తమవీ బయటపెడతాడని ఎదుటివారు ఊహించగలరు.

4. మొదటి పేరా రాయండి

నాలుగు వాక్యాలు మించకూడదు: ఏ ఉద్యోగం, మీరు ఎవరు, మీ పని వాళ్ల పనిని ఎక్కడ తాకుతుంది.

ఇలా వద్దు: "డైనమిక్ ప్రొడక్షన్ ఇంజినీరునైన నేను సప్లై చైన్ రంగంలో కొత్త సవాళ్లను స్వీకరించాలనుకుంటున్నాను." ఇది ఎవరైనా, ఏ ఉద్యోగానికైనా పంపగల వాక్యం.

5. ఎందుకు మారుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి

ఈ ప్రశ్న అడగకపోయినా చదివేవారి మనసులో ఉంటుంది. రాత్రి షిఫ్టులతో విసిగిపోయారా? పై అధికారితో పడలేదా? కారణం అదే అయినా ఉత్తరంలోకి రాకూడదు.

"ప్లాను సరిగా లేక ఫ్లోర్‌లో మేము ఎన్నో ఇబ్బందులు పడ్డాం, అందుకే నేనే సరిచేద్దామని" అన్నది ఇంకా ప్రమాదం. చాలామంది దీన్ని నిజాయితీ అనుకుంటారు. చదివే మనిషి ప్లానరు అన్న సంగతి మరిచిపోతారు. అదే అనుభవాన్ని ఇలా తిప్పండి: ఒక బ్యాచ్ ఎందుకు అంత పెట్టారో అడగడానికి వెళ్లి, ప్లానరు ఎదుర్కొనే ఇబ్బందులు చూశాను, అక్కడినుంచి ఆసక్తి మొదలైంది. నిందించడానికీ అడిగి తెలుసుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క వాక్యంలో కనబడుతుంది.

6. తెలియనిది ఒకటి ఒప్పుకోండి

సాఫ్ట్‌వేర్ విషయంలో అతిశయోక్తి ఇట్టే బయటపడుతుంది. ఉదాహరణకు సాప్ వాడే ఫ్యాక్టరీలో ఉత్పత్తివాళ్లు ఎక్కువగా చేసేది `CO11N`లో పూర్తయిన పనిని నమోదు చేయడం. ప్లానరు రోజంతా గడిపేది `MD04`లో, అంటే స్టాకు, అవసరాలు, రాబోయే సరఫరా తేదీలవారీగా కనిపించే జాబితాలో. "సాప్ అనుభవం ఉంది" అని మాత్రమే రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "నమోదులు రోజూ చేశాను, `MD04` చదవడం వచ్చు, అవసరాల లెక్క నేను స్వయంగా నడపలేదు" అని రాస్తే నమ్ముతారు.

లోటు చెప్పిన వెంటనే దానికి ఏమి చేస్తున్నారో కూడా రాయాలి. ప్లానింగ్, స్టాకు నిర్వహణలో ఇచ్చే సీపీఐఎమ్ సర్టిఫికేషనుకు చదువుతుంటే ఆ మాట ఇక్కడే సరిపోతుంది. ఫీజు కట్టకుండా, పుస్తకం తెరవకుండా "చేయాలనుకుంటున్నాను" అంటే మాత్రం వదిలేయండి. దానికి బదులుగా, మీ షాపులోని ఒక భాగానికి మూడు నెలల వాడకాన్ని ఎక్సెల్‌లో పెట్టి సేఫ్టీ స్టాకు లెక్క వేసి చూశారనుకోండి, అది సర్టిఫికెట్టుకంటే ఏమీ తక్కువ కాదు. లోటుపాట్లు మూడు నాలుగు ఏకరువు పెట్టకండి, ఒకటి చాలు.

7. మొత్తం కూర్చండి

ఒక పేజీకి మించకూడదు. నమూనా ఇది:

> గౌరవనీయులైన ప్లానింగ్ మేనేజరు గారికి,
>
> మీ ప్రకటనలోని ప్రొడక్షన్ ప్లానరు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఆరేళ్లుగా ప్రెస్ షాపులో ప్రొడక్షన్ ఇంజినీరుగా ఉన్నాను. స్టాకు పెంచకుండా డెలివరీ తేదీలు నిలబెట్టగలవారు కావాలని ప్రకటనలో ఉంది. గత రెండేళ్లుగా ఒక ప్రెస్సు విషయంలో ప్లానరుతో కలిసి నేను చేస్తున్నది ఆ పనే.
>
> ఆ ప్రెస్సు మీద నాలుగు భాగాలు వారానికి ఒక్కోసారి నడిచేవి. డై మార్పును 90 నిమిషాల నుంచి 40కి తగ్గించాక, మిగిలిన సమయాన్ని అదనపు ఉత్పత్తికి కాక బ్యాచ్‌లు తగ్గించడానికి వాడుకుందామని ప్లానరుకు లెక్క చూపించాను. ముందు రెండు భాగాల మీద ఆరు వారాలు పరీక్షించి, తర్వాత నాలుగింటికీ అమలు చేశాం. ఇప్పుడు ఒక్కో భాగం వారానికి రెండుసార్లు నడుస్తోంది. బ్యాచ్ వల్ల ఉండే స్టాకు సగమైంది, సేఫ్టీ స్టాకును మాత్రం మార్చలేదు. మార్పులు పెరగడంతో మొదటి ముక్కల స్క్రాప్ రెట్టింపైంది. సెట్టింగులను డై వారీగా నమోదు చేసి దాన్ని తిరిగి తగ్గిస్తున్నాం.
>
> బ్యాచ్ 1,200 ఎందుకని అడగడానికి మొదటిసారి ప్లానింగ్ విభాగానికి వెళ్లినప్పుడు, ఒక అంకె వెనక ఎన్ని పరిమితులు ఉంటాయో చూశాను. అప్పటినుంచి యంత్రం ఎంత చేయగలదన్న ప్రశ్న కంటే, ఏది ఎప్పుడు చేయాలన్న ప్రశ్నే నన్ను ఎక్కువగా పట్టుకుంది.
>
> సాప్‌లో ఉత్పత్తి నమోదులు నేనే చేస్తాను, `MD04` జాబితా రోజూ చూస్తాను. అవసరాల లెక్కను స్వయంగా నడపలేదు. అందుకే మా షాపులోని 12 భాగాలకు అదే లెక్కను ఎక్సెల్‌లో చేసి, సిస్టమ్ ఇచ్చిన ఫలితాలతో పోల్చి చూస్తున్నాను.
>
> వీలైతే ఆ పట్టికను మీకు చూపించి మాట్లాడాలని ఉంది.
>
> భవదీయుడు,

మక్కీకి మక్కీ దించకండి. 12 భాగాల పట్టిక మీ దగ్గర లేకపోతే ఆ వాక్యం మీది కాదు. చివరి పేరా మాత్రం అంత చిన్నగానే ఉంచండి. "మీ అనుకూల స్పందన కోసం ఎదురుచూస్తూ" తరహా వాక్యాలు నాలుగు చేర్చినా ఎవరూ చదవరు.

8. పంపేముందు సరిచూసుకోండి

ఉత్తరంలో యంత్రం, షిఫ్టు, లైను, డై అనే మాటల కింద ఒక గీత గీయండి. స్టాకు, బ్యాచ్, తేదీ, కొరత, షెడ్యూలు వంటి మాటల కింద రెండు గీతలు గీయండి. ఒంటి గీతలే ఎక్కువగా ఉంటే మీరింకా ఫ్లోర్‌లోనే ఉన్నారు, మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి. అసలు ఒంటి గీతలే లేకపోతే అదీ లోపమే. మీ ప్రత్యేకత యంత్రం తెలిసి ఉండటం, దాన్ని చెరిపేసుకుంటే అప్పుడే చదువు పూర్తిచేసిన ప్లానింగ్ అభ్యర్థికీ మీకూ తేడా ఉండదు.

తర్వాత ప్రతి అంకె పక్కన పెన్సిలుతో "ఎలా తెలుసు?" అని రాసుకోండి. కొలిచారా, రిజిస్టరులో చూశారా, ఎవరో చెప్పారా? జవాబు లేని అంకెను తీసేయండి.

ఆ పైన మీ ఫ్యాక్టరీలోని ప్లానరుకు చూపించగలిగితే అంతకంటే మంచి పరీక్ష లేదు. ఉద్యోగం మారుతున్న సంగతి బయటపడుతుందని భయముంటే వేరే చోట పనిచేసే ప్లానరు ఎవరినైనా అడగండి. బాగుందా అని అడగవద్దు, "ఇది చదివాక నన్ను ఏ ప్రశ్న వేస్తారు?" అని అడగండి. స్క్రాప్ సంగతో, స్టాకు తగ్గించాక కొరత ఎన్నిసార్లు వచ్చిందనో అడిగితే ఉత్తరం సరైన దారిలో ఉంది. "ఇంతకీ ప్లానింగ్‌కు ఎందుకు వస్తున్నారు?" అని అడిగితే, ఎందుకు మారుతున్నారో చెప్పే పేరా ఇంకా పని చేయడం లేదు.

ఇంటర్వ్యూకు పిలుపు వస్తే మొదట్లో లెక్క చేసిన కాగితాన్ని వెంట తీసుకెళ్లండి. ఆ 360, 160, 320 నిమిషాల లెక్కను వాళ్ల ముందు మళ్లీ వేసి చూపించమనే అవకాశం చాలా ఎక్కువ, అందులోనూ ఒక్కోసారి ఐదో భాగాన్ని చేర్చి వేయమంటారు.